గిఫ్టు రాసిన రోజు

నరసన్నపేట రిజిస్ట్రారాఫీసు ముందు డాక్యుమెంటు రైటరు మా నాన్నకి మళ్లీ చెప్పాడు: "వీలునామా నువ్వు పోయాకే అమలౌతాది మావా, ఈలోగా ఎన్నిసార్లైనా మార్సుకోవచ్చు. గిఫ్టు డీడు రిజిస్టరైతే పొలం ఇయాల్నుంచే నీ కొడుకుది. మనసు మారిందని ఎనక్కి తీసుకోలేవు."

నాన్న నావైపు చూశాడు. ఆయన మనసు మారుతుందేమోననే నెల్లాళ్లుగా నాకు నిద్రపట్టడం లేదు. "గిఫ్టే రాసీ," అన్నాను విసురుగా. ఆయన వేలిముద్ర వేశాడు. పుచ్చుకున్నట్టు నేను సంతకం పెట్టాను.

తిరిగొస్తూ పొలం దగ్గర బండి ఆపమన్నాడు. చిన్నప్పుడు ఆ గట్టుమీద జామకాయ తెంపాలన్నా నేను ఆయన్ని అడగాల్సిందే.

నాన్న గట్టెక్కకుండా రోడ్డుమీదే నిలబడ్డాడు.

"ఒరే, ఆవుకి ఓ మోపు గడ్డి కోసుకోనా?"