కోర్టు మూసిన నెలల్లో శకుంతలమ్మ మెస్సు

చిత్తూరులో జిల్లా కోర్టుకు ఎదురు సందులో శకుంతలమ్మ భోజనాల మెస్సు ఉండేది. భర్త పెట్టిన వ్యాపారం. ఆయన పోయాక ఆరేళ్ళుగా ఆమే నడుపుతోంది. మదనపల్లె నుంచి, పలమనేరు నుంచి వాయిదాలకు వచ్చే కక్షిదారులు, వకీళ్ళ గుమాస్తాలు మధ్యాహ్నానికి పంక్తులు కట్టేవాళ్ళు. మే నెల రాగానే కోర్టుకు సెలవులు. మధ్యాహ్నం సందులో మనిషి అలికిడి ఉండదు. వేసిన విస్తళ్ళు వేసినట్టే ఉండిపోయేవి.

ప్రతి ఏడూ ఆ రోజుల్లో ఆమె పనివాళ్ళను ఇళ్ళకు పంపేసేది. 1939లో అలాగే పంపితే, వంట మేస్త్రి మునిరత్నం వేలూరులో ఏదో హోటల్లో చేరి, కోర్టు తెరిచాక కూడా మూడు వారాల దాకా తిరిగి రాలేదు. కొత్త వంటవాడి చేతి సాంబారు తిన్నవాళ్ళు పక్క వీధి మెస్సుకు మళ్ళినారు. వాళ్ళను మళ్ళీ తన గడప తొక్కించుకునేసరికి దీపావళి దాటిపోయింది. అందుకే 1940 వేసవిలో ఆమె మునిరత్నాన్ని, రుబ్బురోలు దగ్గర పనిచేసే గురవమ్మను, వడ్డించే ఇద్దరినీ పంపకుండా ఉంచుకుంది. సగం జీతం, రెండు పూటలా తిండి అని మాట్లాడుకుంది.

ఉంచుకున్నది సరే, వాళ్ళకు పనేదీ? మొదటి వారం పాత్రలు తోమించింది, గోడలకు సున్నం వేయించింది. తరువాత తోమడానికి ఏమీ మిగల్లేదు. మునిరత్నం పొయ్యి ముందు కూర్చుని ఆవులిస్తుంటే ఆమె చూడలేక బయటికి వచ్చేసేది. వీధరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూడసాగింది.

తెల్లారేసరికి బండ్లు వచ్చేవి. ఒకటి, రెండు కాదు, ఒకదాని వెనుక ఒకటి, గడ్డి పరిచి మామిడికాయలు నింపుకుని మండీకి పోయేవి. ఇన్నేళ్ళూ ఈ బండ్లు ఆమె కళ్ళముందే పోతున్నా ఎన్నడూ పట్టించుకోలేదు. వీళ్ళు ఏం తింటారు? ఎప్పుడు తింటారు? ఆ సంగతి తెలుసుకోవాలనిపించింది. ఒకరోజు మండీలో సరుకు దించి తిరిగివస్తున్న బండివాణ్ణి ఆపింది.

“ఏమప్పా, పేరేంది నీది?”

“ఆదిమూలం అంటారమ్మా.”

“పొద్దున్నుంచి ఏం తిన్నావు?”

ఆదిమూలం నవ్వినాడు. “నిన్న ఇంట్లో కట్టిచ్చిన రాగిసంగటి. రాయి అయిపోయింది. ఉల్లిగడ్డ కొరుక్కుని మింగినాను.”

“మా ఇంట్లో తినొచ్చు గదా?”

“మీ ఇంట్లోనా? వకీళ్ళు తినే అన్నం, మూడణాలు. మేము యాడ తింటామమ్మా? అదీగాక మీరు మిట్టమధ్యాన్నం పెడతారు. మాకు ఎనిమిదింటికే ఆకలి.”

శకుంతలమ్మ లోపలికి వచ్చి మునిరత్నాన్ని పిలిచింది. “రేపట్నుంచి తెల్లారుజామునే సంగటి కెలుకు. నంజుకోను చెనక్కాయల ఊరిబిండి, పులుసు. అణాకు కడుపునిండా.”

మునిరత్నం ముఖం ముడుచుకున్నాడు. “అణాకు ఏం మిగుల్తాది అక్కా? కోర్టు తెరిసినాక గుమాస్తాలంతా మాకూ అణాకే పెట్టమంటే ఏం జేస్తావు?”

“అన్నం ధర తగ్గించలేదు గదప్పా. ఇది వేరే తిండి, వేరే పూట. మధ్యాన్నం అన్నం మూడణాలే. నీ జీతం, ఈ ఇంటి బాడుగ ఎట్లున్నా ఇయ్యాల్సినవే. పిండి, కట్టెల ఖర్చు గిట్టుబాటై పైన రవ్వంత మిగిల్తే చాలు. అది ఊరికే కూర్చున్నదానికంటే మేలే గదా.”

మునిరత్నానికి నమ్మకం కుదరలేదు. కాని మర్నాడు కోడికూతకే పొయ్యి రాజేశాడు. మొదటిరోజు నలుగురు వచ్చినారు. మూడోరోజుకు ముప్పై మంది. వడ్డించేవాళ్ళకు చేతులు ఖాళీ లేవు. పదయ్యేసరికి కుండ ఖాళీ అయ్యేది, ఆ తరువాత మళ్ళీ ఊరికే కూర్చోవడమే.

ఆ మిగిలిన పగటిపూటను ఏం చేయాలా అని ఆమె ఆలోచన. ఒకసారి ఆదిమూలంతో పాటు మండీకి నడిచి వెళ్ళింది. అక్కడ ఒక మూల నలిగిన పండ్లు గుట్టగా పోసి ఉన్నాయి.

“ఇవేం జేస్తారు?” అని మండీ మేస్త్రిని అడిగింది.

“పశువులకు పోస్తామమ్మా. దెబ్బ తగిలినవి మద్రాసుకు పంపే పెట్టెల్లోకి పనికిరావు.”

కుళ్ళినవి తీసేసి, ఒక పక్క మాత్రమే నలిగినవాటిని రెండు గంపలు అతి చవకగా తెచ్చింది. గురవమ్మ వాటిని వాసన చూసి, “తాండ్ర పోద్దాం అక్కా. మా అమ్మ సేసేది” అన్నది.

దెబ్బతిన్న భాగం కోసేసి, గుజ్జు పిసికి గుడ్డలో వడకట్టి, బెల్లం కలిపి ఈతచాప మీద పరిచినారు. పని తొందరగా అవుతుందని మునిరత్నం ఒకేసారి వేలు మందాన పోసినాడు. నాలుగోరోజుకు పైన ఎండి అట్టలాగుంది. కింద పచ్చిగానే ఉండి బూజు పట్టింది. ఆ చాప మీదున్నదంతా పారబోయాల్సి వచ్చింది.

శకుంతలమ్మకు కోపం రాలేదు, ఆశ్చర్యమేసింది. “పైనెట్లా ఎండింది, కింద ఎందుకు ఎండలేదు?” అని గురవమ్మను గుచ్చి గుచ్చి అడిగింది.

“పైన తోలు కట్టేస్తే లోపలి తడి యాడికి పోతాది? పలచగా ఒక పూత. అది ఎండినాకనే ఇంకో పూత. దినానికి ఒకటే.”

అప్పటినుంచి సంగటి పని ముగియగానే అందరూ మిద్దె మీదికి ఎక్కేవాళ్ళు. ఒకరు వడకట్టడం, ఒకరు పూయడం, ఒకరు గుడ్డ కప్పి ఈగలను తోలడం. మబ్బు పట్టిందంటే వడ్డించేవాళ్ళు చాపలు ఎత్తుకుని లోపలికి పరుగు. పదిహేను పూతలయ్యేసరికి తాండ్ర వేలు మందమైంది. కోసి చూస్తే పొరపొరగా, తేనె రంగులో మెరిసింది. మునిరత్నం ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. “వేలూరులో కూడా ఇట్లాంటిది తిన్లేదబ్బా” అన్నాడు.

కోర్టు తెరిచినారు. మొదటిరోజు సాంబారు మునిరత్నం చేతిదే. వచ్చినవాళ్ళు ఎక్కడికీ మళ్ళలేదు. భోజనం ముగించి పోతున్న కక్షిదారులు గడప దగ్గర ఆకుల్లో చుట్టిపెట్టిన తాండ్ర చూసి, ఇంట్లో పిల్లలకని కొనుక్కుపోయినారు. కేసు వాయిదా పడినవాడు కూడా ఉత్త చేతుల్తో ఊరికి పోనక్కర్లేదని ఒకాయన నవ్వినాడు.

మునిరత్నం భయపడినట్టే రాజారత్నం అనే గుమాస్తా ఒకడు మధ్యాహ్నం వచ్చి, “అణాకు సంగటి పెడతావంట గదమ్మా, మాకూ పెట్టు” అన్నాడు.

“పదింటికే అయిపోయిందప్పా. రేపు ఎనిమిదింటికి రా.”

వాడు నిజంగానే మర్నాడు ఎనిమిదింటికి వచ్చి, మడత నలగని కోటుతో బండివాళ్ళ పక్కన కూర్చుని తిన్నాడు. తిని, మధ్యాహ్నం మూడణాల అన్నానికీ వచ్చినాడు. మునిరత్నం తలుపు చాటు నుంచి శకుంతలమ్మ వైపు చూసి తల గోక్కున్నాడు.

జూలై చివర మామిడి బండ్లు ఆగిపోయినాయి, సంగటి కుండా ఆగింది. చాపలు కడిగి అటకెక్కించినారు. ఆ సాయంత్రం శకుంతలమ్మ గురవమ్మ పక్కన కూర్చుని అడిగింది:

“దసరాకు మళ్ళీ కోర్టు మూస్తారు. అప్పుడు వానలు. ఎండ లేకుండా చేసేది ఏముండాది చెప్పు?”

గురవమ్మ రోట్లో చెయ్యి ఆపి ఆలోచించింది. “పొడులు. కందిపొడి, కరేపాకు పొడి. పొయ్యి మీద ఏయించేది గదా, ఎండతో పనేముంది?”

“తేమ పడితే?”

“అది నాకూ తెల్దు అక్కా. సేసి సూద్దాం.”