బిక్షమయ్య మాటకు ఐదు ప్రూఫులు

సౌందర్య రోజూ పొద్దున ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కగానే సంచిలోంచి ప్రూఫు కాగితాలు తీస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ వచ్చేలోపు రెండు పేజీలు పెదవులు కదుపుతూ చదువుతుంది. జపం చేసుకుంటోందనుకుని పక్కవాళ్ళు కాస్త జరిగి కూర్చుంటారు.

బస్టాండు వెనక సందులో, ఒక కోచింగ్ సెంటర్ మెట్ల కింద ఆమె గది. ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్. ఇరవై ఏళ్ళుగా పెళ్ళి పత్రికల నుంచి పరిశోధన గ్రంథాల దాకా టైపు చేస్తోంది. ఎంత గజిబిజి రాతనైనా విసుక్కోకుండా చదువుతుందని పేరు. ఆ పేరు కాస్తా సీతారాములు సార్ పుస్తకంతో పోయినంత పనైంది.

సార్ రిటైరైన తెలుగు లెక్చరర్, హయత్‌నగర్ మనిషి. కూలినాలి చేసి బతికినవాళ్ళ జీవితాలను వాళ్ళ నోటి మాటలోనే పుస్తకంగా తేవాలని ఆయన కోరిక. అందులో ఒక అధ్యాయం సౌందర్య తండ్రి బిక్షమయ్యది. నల్లగొండ పల్లెల్లో బావులు తవ్విన మనిషి. మట్టి విరిగిపడి అతని తమ్ముడు అంతయ్య బావిలోనే పోయాడు. ఆ సంగతి బిక్షమయ్య చెబుతుంటే సార్ ఫోనులో రికార్డు చేసుకున్నాడు. ఆయన రాసి తెచ్చింది టైపు చేస్తుంటే ఆ చోట సౌందర్య వేళ్ళు ఆగిపోయాయి.

“గప్పుడు గా బాయి (బావి)ల గింత మట్టి గుబుక్కున వడ్డది రా బై! గాడు గాయబ్!”

సరిచూసుకోవాలని చెప్పి రికార్డింగ్ తెప్పించుకుని విన్నది. తండ్రి అన్నది ఇంతే: “మట్టి పడ్డది సార్. అంతయ్యా, అంతయ్యా అని పిలిచిన. పలుకలే.”

కల్లు కాంపౌండ్‌లో దోస్తులతో ‘రా బై’ అంటాడేమో గానీ, సార్‌తో ఎన్నడూ అనడు. సౌందర్య రెండో ప్రూఫులో తండ్రి అన్నట్టే పెట్టి ఇచ్చింది. సార్ ఎర్ర సిరాతో మళ్ళీ మొదటికి తెచ్చాడు. మూడో ప్రూఫూ అంతే.

“యాస నిండుగా ఉండాలమ్మా. మట్టి వాసన రావాలె.”

“వాసనొస్తుంది సార్. మనిషే కనిపిస్తలేడు.”

“నువ్వు టైపు చెయ్యి తల్లీ, సాహిత్యం సంగతి నేను చూస్కుంటా.”

పైగా బ్రాకెట్టొకటి. బావులు తవ్వేవాడు బాయి అంటే బావి కాక బస్టాండు అనుకుంటారా ఎవరైనా?

నాలుగో ప్రూఫు ఇంటికి తీసుకెళ్ళింది. ఐదో తరగతి చదివిన బిక్షమయ్య రోజూ పేపరు మొదటి నుంచి చివరి దాకా చదువుతాడు. ఇది మాత్రం అక్షరం అక్షరం తడుముకుని, అద్దాలు తీసేశాడు.

“గిది ఎవరి ముచ్చట బిడ్డా?”

“నీదే నాయినా.”

“నాదా? మీటింగుల చదివితే అందరు నవ్వుతరు. అంతయ్య సచ్చిన కాడ నవ్వుతరు. నా ఫోటో వద్దు, నా పేరు వద్దు. తీసెయ్యమను.”

పుస్తకావిష్కరణకు ఇంకా నెల ఉంది. సౌందర్య మర్నాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక పేజీ టైపు చేసింది. తండ్రి మాటలు ఉన్నట్టే ఉంచింది. రాతప్రతిలో “ఆ సంఘటన ఎలా జరిగింది?” అని నీటుగా ఉన్న సార్ ప్రశ్నను మాత్రం సార్ పద్ధతిలోనే, ఉన్న యాసకు రెండింతలు పూసి పెట్టింది.

“జెర్రాగు బిచ్చమయా! గా ముచ్చట గదెట్లయిందో జెప్పరాదుర బై!”

ఆ పేజీ చదవగానే సార్ మొహం ఎర్రబడింది. “ఎవడు వీడు?”

“మీరే సార్. రికార్డింగ్‌ల పన్నెండో నిమిషం. ‘జర ఆగు బిక్షమయ్యా, గదెట్లయింది చెప్పు’ అన్నరు.”

“అన్నది నిజమే. అంటే, గిట్ల జోకర్ లెక్క మాట్లాడ్తనా నేను?”

“మాట్లాడరు సార్. మా నాయిన గూడ మాట్లాడడు. పేరు తీసెయ్యమన్నడు.”

సార్ కాగితాలు లాక్కుని వెళ్ళిపోయాడు. తొమ్మిది రోజులు ఫోను లేదు. పదో రోజు వచ్చి, పలకరింపు లేకుండా కుర్చీ లాక్కున్నాడు.

“నా ప్రశ్నలు గూడ నేనన్నట్టే పెట్టు. ఇద్దరికి ఒకటే కొలత.”

చెరో ఇయర్‌ఫోనూ పెట్టుకుని కూర్చున్నారు. ‘పిలిచిన’, ‘పలుకలే’ నిలిచాయి. బాయి బ్రాకెట్టు లేకుండా నిలిచింది. అందరూ ఒకేలా పలికే మాటలకు సార్ పెట్టిన వంకర అక్షరాలు పోయాయి. తండ్రి అనని ‘గా’లు తీసేస్తుంటే మాత్రం సార్ ఒక్కోదానికి పావుగంట కొట్లాడాడు. “ఒక్కటి ఉండనియ్యమ్మా, అందంగుంటది!” సౌందర్య రికార్డింగ్ వెనక్కి తిప్పి మళ్ళీ వినిపించేది. లేని ‘గా’ ఎన్నిసార్లు విన్నా లేదు. తలనొప్పి మాత్రం మిగిలింది.

ఐదో ప్రూఫు బిక్షమయ్య తడుముకోకుండా చదివాడు. అంతయ్య చోటు మళ్ళీ ఒకసారి చదివాడు.

“పేరు ఉండనీ” అన్నాడు.

పుస్తకం వచ్చి ఏడాదిన్నర. సౌందర్య ఆ మెట్ల కింద గదిలోనే పనిచేస్తోంది. సార్ రెండో పుస్తకమూ ఆమె దగ్గరే ఉంది. వనస్థలిపురంలో ఇళ్ళలో పనిచేసే పూలమ్మ అధ్యాయం ఇప్పుడు మూడో ప్రూఫులో ఉంది.