ఆరో వార్మర్‌కి సాక్ష్యం

"పాప ఒళ్లు కాలుతోందేమోనని భయంగా ఉంది అత్తయ్యా. ఒక్కసారి చెయ్యి పెట్టి చూడరా?"

"ఇందాకే చూశాగదమ్మా! దానికి జ్వరం లేదు. నీ ఫోన్లకి నాకే వచ్చేట్టుంది."

పిల్లల ఆస్పత్రి మెట్ల మీద నిలబడి నేను మా అత్తగారితో ఇలా మాట్లాడుతుంటే వెనకే వస్తున్న మా మేడమ్ విన్నారు. సంచీ భుజం మార్చుకుని లోపలికి నడిచారు.

మేడమ్ ఆడిటర్. యాభై దాటిన మనిషి. చెప్పుల దుకాణం పైన రెండు గదుల ఆఫీసు ఆమెది. నేను భౌతికశాస్త్రం చదివి, ల్యాబ్ ఉద్యోగం దొరక్క, ఆమె దగ్గర సహాయకురాలిగా చేరాను. పాప పుట్టిన ఎనిమిదో నెలలో మళ్లీ పనిలోకి వచ్చాను.

ఆఫీసులో ఆమెకు మేం పెట్టిన పేరు 'చూపించండి మేడమ్'. ఎవరేం చెప్పినా ఆమె నోటి నుంచి ముందుగా వచ్చే మాట అదే. కూరగాయల అతను ఆమె వీధి మలుపు తిరగగానే బెండకాయల బుట్ట మీద గోనె కప్పేస్తాడు, ఒక్కోటి తుంచి చూస్తుందని. కొడుకు ఫోన్‌లో "తిన్నానమ్మా" అంటే "ఏం తిన్నావు?" అని అడుగుతారు. అతను తడుముకుంటే తినలేదని లెక్క. ఆమె తండ్రి గడియారాలు బాగుచేసేవాడట. "రోజుకి పది నిమిషాలు వెనకబడుతోందయ్యా" అని ఎవరైనా తెస్తే, సరేనని తీసుకుని, ఒక రోజు తన గోడకి తగిలించుకుని చూశాకే మూత విప్పేవాడట. "వాళ్లు అబద్ధం చెబుతారని కాదు, వాళ్ల ఇంట్లో రెండో గడియారమే తప్పేమో" అనేవాడట.

ఆ ఆస్పత్రిని ఒక ట్రస్టు నడుపుతుంది. ఏడాది చివరి ఆడిట్‌కి వెళ్లాం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచడానికి, పైన హీటర్ అమర్చిన చిన్న మంచాలుంటాయి. వాటిని వార్మర్లంటారు. ఆ ఏడు దాతల సొమ్ముతో ఆరు కొన్నారు. వార్డులో ఉన్నవి ఐదే.

మేం వెళ్లేసరికే గొడవ ముదిరిపోయింది. ఆరోదాన్ని వార్డు చూసుకునే పెద్ద సిస్టర్ ఎవరిదో నర్సింగ్‌హోమ్‌కి తరలించిందని ఆఫీసు మేనేజర్ అంటున్నాడు. ఆమెను వార్డు నుంచి తప్పించి పాత ఫైళ్ల గదిలో కూర్చోబెట్టారు. ఆడిట్ కాగితంలో 'వార్డు నుంచి ఒకటి కనబడుట లేదు' అని ఒక్క ముక్క పడితే ఉద్యోగం పోయినట్టే. ఇరవయ్యేళ్ల సర్వీసు.

మేనేజర్ మాకు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "అన్నీ సిద్ధంగా పెట్టాను మేడమ్. బిల్లు ఆరు, రిజిస్టర్ ఆరు. లోపల ఐదు. మీరు చూసి రాసేయడమే."

"చూపించండి" అన్నారు మేడమ్.

వార్డులోకి వెళ్లాం. ఎర్రటి వెలుగు కింద అరచేతంత బిడ్డలు. నేను యంత్రాలను వదిలేసి వాళ్ల ఛాతీలు లేచి పడుతున్నాయా అని చూస్తూ నిలబడ్డాను. మేడమ్ మాత్రం ఒక్కో మంచం పక్కన వంగి, వెనక రేకు మీద కొట్టిన నంబరు చదివి, నాచేత రాయించారు. ఐదు నంబర్లూ బిల్లులోని నంబర్లతో సరిపోయాయి. ఆరో నంబరు ఆ అంతస్తులోనే కాదు, ఆపరేషన్ గదిలో, చెడిపోయిన సామాను పెట్టే కొట్లో కూడా లేదు.

"చూశారుగా. మీ కళ్లారా చూశారు" అన్నాడు మేనేజర్. "దీన్ని మించిన సాక్ష్యం ఏముంటుంది మేడమ్?"

"లేదు. నిజమే" అన్నారామె. "కానీ నా కళ్లు చెప్పేది ఇవాళ ఇక్కడ ఐదున్నాయని. ఆరోది ఎప్పుడైనా ఇక్కడికి వచ్చిందని నా కళ్లు చెప్పవు. నేను ఆ రోజు లేనుగా."

నాకు కొంచెం ఎదురుదెబ్బే తగిలింది. కొలిచిందే నిజమని చదువుకున్నదాన్ని. కొలతకి కూడా తనదైన ప్రశ్న ఒకటుంటుందని, వేరే ప్రశ్నకి దాన్ని వాడకూడదని అప్పుడే తట్టింది.

తర్వాత ఫైళ్ల గదికి వెళ్లాం. పెద్ద సిస్టర్ లేచి నిలబడింది. "నా వార్డుకి వచ్చినవి ఐదే మేడమ్. ఆరోది నేను కళ్లతో చూస్తే ఒట్టు."

"ఒట్లు వద్దు సిస్టర్. నాకు వాటిని ఫైల్లో పెట్టుకోవడం రాదు" అన్నారు మేడమ్. సిస్టర్ నవ్వబోయి ఆగిపోయింది.

బయటికొచ్చాక నాతో అన్నారు, "ఆమె ఐదంటోంది, ఆయన ఆరంటున్నాడు. ఇద్దరిలో ఎవరి ముఖం చూసినా నిజమే చెబుతున్నట్టుంది. ఎక్కడ వెతకాలో తెలియడానికి నోటిమాట పనికొస్తుంది. తేల్చడానికి ఒక్కదాని మీద నిలబడలేం."

ఇక రాతలు. ఆస్పత్రి ఆస్తుల రిజిస్టర్లో ఆరని శుభ్రంగా రాసి ఉంది. స్టోర్ చూసే అతన్ని పిలిపించారు. "ఇది రాసేటప్పుడు పెట్టెలు చూశావా బాబూ?"

"బిల్లు పైనుంచి వస్తుంది మేడమ్. అందులో ఉన్నది ఎక్కిస్తాను."

"సరుకు దిగినప్పుడు?"

"లారీ వచ్చిన రోజు హడావుడి. దిగినవాటికి సంతకం పెట్టాను. తర్వాత బిల్లొచ్చింది, దాని ప్రకారం రాశాను."

అంటే రిజిస్టర్ వేరే సాక్ష్యం కాదు, బిల్లుకి నీడ. ఒక్క మాటనే రెండుసార్లు విన్నట్టు.

వార్డులో ఇంకో పుస్తకం ఉంది. షిఫ్ట్ మారినప్పుడల్లా దిగే నర్సు, ఎక్కే నర్సు యంత్రాలు చూసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టే పుస్తకం. మొదటి రోజు నుంచీ ఐదు. నాకు ప్రాణం లేచొచ్చింది. "తేలిపోయింది కదా మేడమ్!"

"ఆగు. రెండూ ఈ ఇంటి కాగితాలే. దీన్ని నేను ఎక్కువ నమ్ముతాను. ఎందుకంటే చూసి రాశారు, ఒకరిని ఒకరు సరిచూసుకున్నారు, గొడవ పుట్టకముందు రాశారు. కానీ ఆ సంతకాలన్నీ పెద్ద సిస్టర్ కింద పనిచేసేవాళ్లవి. ఆ మాట మేనేజర్ అంటాడు, అనడంలో తప్పు కూడా లేదు."

అన్నట్టే అన్నాడు. అని ఊరుకోకుండా మధ్యాహ్నానికల్లా ఒక కాగితం పట్టుకొచ్చాడు. వార్మర్లు అమ్మిన కంపెనీ నుంచి వచ్చిన ఈ-మెయిల్‌కి ప్రింటు. 'ఆరు వార్మర్లు సరఫరా చేశాము' అని ఉంది. "ఇది బయటివాళ్ల మాట మేడమ్. వాళ్లకి మా సిస్టర్‌తో ఏం పగ?"

మేడమ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "బయటివాళ్ల మాట విలువైనదే. కానీ ఇది మీ మెయిల్‌లోకి వచ్చి, మీ ప్రింటర్లోంచి, మీ చేతిమీదుగా నాకొచ్చింది. పైగా సరఫరా చేశామన్నారు గానీ ఎక్కడికో చెప్పలేదు."

"నన్ను అనుమానిస్తున్నారా?"

"మిమ్మల్ని కాదండీ, కాగితం వచ్చిన దారిని. ఇది నా తండ్రి పట్టుకొచ్చినా ఇంతే."

మేనేజర్ ముఖం గంటుపెట్టుకుని వెళ్లిపోయాడు. ట్రస్టు పెద్దాయన చేత కంపెనీకి ఉత్తరం రాయించారు మేడమ్. సంతకం ఆయనది, పంపేది మేం, జవాబు రావలసింది నేరుగా మా ఆఫీసుకి. చిరునామా కూడా మేనేజర్ ఇచ్చిన కాగితం మీదది తీసుకోలేదు, వేరేగా కనుక్కుని సరిచూశారు. అందులో అడిగింది ఎన్ని అమ్మారని కాదు. ఏ నంబరు యంత్రం ఏ రోజు ఎక్కడ దించారు, సరుకు తీసుకున్నవాళ్ల సంతకం ఉన్న డెలివరీ చలాను ప్రతి పంపండి, అని.

జవాబు వచ్చేలోపు పెద్ద సిస్టర్ ఒకసారి మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. "ఏమైనా తెలిసిందా మేడమ్? ఇంట్లో మా ఆయన కూడా 'నిజంగా తీయలేదు కదా' అని అడుగుతున్నాడు" అంది. మేడమ్ మంచినీళ్లిచ్చారు, ధైర్యం మాత్రం ఇవ్వలేదు. "ఇంకా తెలీదు సిస్టర్. తెలిస్తే మొదట ట్రస్టుకి చెప్పాలి. దాచను" అన్నారు. ఆమె వెళ్లాక నేను గొణిగాను, ఒక్క మంచి మాట చెప్తే ఏం పోయిందని. "అది తప్పని తేలితే ఆమెకే పోతుంది" అన్నారు.

కంపెనీ కవరు వచ్చింది. లోపల రెండు చలాన్లు. మొదటి దానిలో ఐదు వార్మర్లు, ఆస్పత్రిలో దించారు, స్టోర్ అతని సంతకం. రెండోది మూడు వారాల తర్వాతది. ఒక వార్మర్, ఊరి అవతల ట్రస్టు కడుతున్న కొత్త క్లినిక్‌లో దించారు, కాపలావాడి సంతకం. కింద చిన్న అక్షరాల్లో 'ఆస్పత్రి మేనేజర్ ఫోన్ ఆదేశం మేరకు'.

నేను ఎగిరి గంతేయబోయాను. మేడమ్ అప్పటికే సంచీ సర్దుతున్నారు. "పద."

"ఇంకా ఎక్కడికి మేడమ్? బయటి కాగితం, నేరుగా మనకే వచ్చింది, సంతకంతో సహా!"

"ఆ రోజు అక్కడ దించారని చెప్పింది. ఇవాళ అక్కడుందని చెప్పలేదు."

క్లినిక్‌కి ఇంకా తలుపులు బిగించలేదు. మేనేజర్‌ని కూడా రమ్మన్నారు. కాపలావాడు వెనక గది తాళం తీశాడు. సున్నం డబ్బాలు, నిచ్చెన, వాటి వెనక పాలిథీన్ కప్పిన చెక్కపెట్టె. మేకులు పీకించి చూస్తే వార్మర్. మేడమ్ మోకాళ్ల మీద కూర్చుని రేకు తుడిచి నంబరు పైకి చదివారు. నేను బిల్లులో చూశాను. ఆరోది.

మేనేజర్ ముందుకొచ్చి రేకు మీది నంబరు తనూ చదువుకున్నాడు. "ఇక్కడికి పంపమని... నేనే చెప్పినట్టున్నాను. అప్పుడు ఈ క్లినిక్ వచ్చే నెలలోనే తెరుస్తామన్నారు" అన్నాడు. తర్వాత చిన్నగా, "మర్చిపోయాను" అన్నాడు. దొంగతనం లేదు, దొంగ లేడు. ఒక ఫోన్ మాట, దాన్ని ఎవరూ కాగితం మీద పెట్టకపోవడం. అంతే.

మేడమ్ ఆ సాయంత్రమే ట్రస్టు పెద్దాయనకు రాసి ఇచ్చారు: ఆరు యంత్రాలూ ఉన్నవి, ఒకటి ఫలానా చోట. సరుకు చూసిన మనిషే రిజిస్టర్ రాయాలని, ఫోన్‌లో చెప్పిన మార్పుని అదే రోజు రాతలో పెట్టాలని కూడా రాశారు. మర్నాడు పెద్ద సిస్టర్ తన వార్డులో షిఫ్ట్ పుస్తకం మీద సంతకం పెట్టిందని స్టోర్ అతను చెప్పాడు. "చూశావా?" అని అడిగారు మేడమ్. "చూశాను మేడమ్, ఈసారి చూశాకే చెబుతున్నా" అన్నాడతను.

వార్మర్ దొరికిన రోజు క్లినిక్ నుంచి తిరిగొచ్చే దారిలో నేను మళ్లీ ఫోన్ తీశాను. ఇంటికి చేసి, అత్తయ్య చెప్పింది విని, పెట్టేసి, మళ్లీ నొక్కబోయాను. మేడమ్ నా చేతిమీద చెయ్యి వేశారు. ఆమె ఆ రోజు అన్న మాటలు ఇప్పుడు నేను ఫోన్ తీసే ముందు ప్రతిసారీ గుర్తు చేసుకుంటాను. అలాగే నడుచుకుంటాను కూడా.

"అమ్మాయ్, అన్నీ కళ్లతోనే చూడాలంటే బతకలేం. ఆ ఆస్పత్రిలో దూది, దుప్పట్లు ఎన్నున్నాయో నేను లెక్కపెట్టానా? పుస్తకం చూసి వదిలేశాను. ఒక మనిషి బతుకు పోయే చోట మాత్రం ఎవరి మాటా చాల్లేదు. భయం ఎంతో సాక్ష్యం అంత. చిన్న భయానికి మీ అత్తగారి మాట చాలు, ఆవిడ బిడ్డ పక్కనే ఉంది, నువ్వు లేవు. భయం పెరిగితే థర్మామీటర్ పెట్టించి అంకె చెప్పమను. అప్పటికీ తగ్గకపోతే నన్ను అడక్కు, సంచీ తీసుకుని ఇంటికి పో."