తిరిగి చేరే తేదీ

కల్పలత బేగంపేటలో లిఫ్టులు మరమ్మతు చేసే కంపెనీలో పనిచేస్తుంది. నగరంలో ఎక్కడైనా వాళ్ల లిఫ్టు ఆగిపోతే ఫోను ముందు ఆమెకే వస్తుంది. లోపల ఇరుక్కున్నవాళ్లకు ధైర్యం చెబుతూనే, దగ్గర్లో ఉన్న మెకానిక్ ఎవరో చూసి పంపిస్తుంది. ఇతరులు నెమ్మదిగా పని చేస్తుంటే చూస్తూ కూర్చోవడం ఆమెకు చేతకాదు. ఆఫీసులో ఎవరైనా కాగితాలు సర్దుతుంటే తీసుకుని తనే సర్దేస్తుంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే కుదరలేదని చెప్పి మాట మారుస్తుంది. యాప్రాల్‌లో రెండు గదుల ఫ్లాట్‌లో తల్లి శారదమ్మతో ఉంటుంది.

శారదమ్మ ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మగా చేసి రిటైరయింది. ఒక ఉదయం తల దువ్వుకుంటుండగా దువ్వెన కుడిచేతిలోంచి జారిపోయింది. మాట ముద్దగా వచ్చింది, మూతి ఒక పక్కకు వాలింది. పక్షవాతమన్నారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ కల్పలత తమ్ముడు హరికిషన్ వరంగల్ నుంచి వచ్చి ఉన్నాడు. డిశ్చార్జి చేసేసరికి అతని సెలవు అయిపోయింది. మొదటి మూడు నెలలే ముఖ్యమనీ, ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలనీ డాక్టరు చెప్పాడు.

కల్పలత రాసిన సెలవు దరఖాస్తును ఆమె మేనేజరు సత్యదేవ్ చదివి బల్ల మీద పెట్టాడు. ఆయనది రాజమండ్రి వైపు.

"'అమ్మకు నయమయ్యేవరకు' అని రాశావు. అంటే ఎప్పటివరకమ్మా?"

"నాకు తెల్వదు సార్. డాక్టర్ సుత చెప్పలే."

"డాక్టరుకే తెలియనిది నేను హెచ్‌ఆర్‌కి ఏం చెప్పను? సీటు ఎన్నాళ్లని ఖాళీగా ఉంచగలను? లిఫ్టులు మీ అమ్మగారికి బాగయ్యేదాకా ఆగవు కదా."

కొత్తవాళ్లను తీసుకోవలసి వస్తుందని ఆయన అనలేదు. అనకపోయినా కల్పలతకు అర్థమైంది. ఈ వయసులో మరో ఉద్యోగం వెతుక్కోవడం ఆమె వల్ల కాదు.

ఆయనే హెచ్‌ఆర్ నుంచి శ్రీలేఖను పిలిపించాడు. కల్పలతకంటే పదేళ్లు చిన్నదైన ఆ అమ్మాయి దరఖాస్తు చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"కల్పలత గారూ, మీరు సిక్ లీవ్ అడిగారు. అది మీకు బాగా లేకపోతేనే ఇస్తారు. అమ్మగారి కోసమని మన దగ్గర వేరే సెలవు లేదండి. ముందు మీ ఎర్న్‌డ్ లీవ్ వాడుకోండి. అది అయిపోయాక జీతం లేని సెలవు, సార్ ఒప్పుకుంటే."

"ఒప్పుకుంటాను. కానీ ఒక తేదీ కావాలి," అన్నాడు సత్యదేవ్.

"తేదీ పెడదాం సార్, కదిలే తేదీ. ఒక నెల పూర్తి సెలవు. తర్వాత నెల పొద్దున పూట ఆఫీసు. ఆ తర్వాత రోజంతా, అందులో వారానికి రెండు రోజులు ఇంటి నుంచి. రెండు వారాలకోసారి మాట్లాడుకుందాం. మార్చాలంటే వారం ముందు చెప్పాలి."

సత్యదేవ్ ఆలోచించాడు. "నెల సెలవు పొడిగించడం మాత్రం ఒక్కసారే. అది కూడా రెండు వారాలు. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

డాక్టరు ఉత్తరం, డిశ్చార్జి సమ్మరీ జతచేసి కల్పలత దరఖాస్తు మళ్లీ రాసింది. మరుసటి రోజు మంజూరైంది.

ఇంట్లో ఆమె ఏ పనికీ తల్లిని చెయ్యి కదపనివ్వలేదు. పళ్లు తోమింది, స్నానం చేయించింది, గుండీలు పెట్టింది, అన్నం మెత్తగా పిసికి ముద్దలు చేసి తినిపించింది. ఎదురు ఫ్లాటు పుష్పమ్మ వచ్చినప్పుడల్లా గుమ్మంలో నిలబడి చూసేది.

"బిడ్డంటే గిట్లుండాలె. మా కోడలు నాకు నీళ్లు సుత ఇయ్యదు."

సైనిక్‌పురి నుంచి రోజు విడిచి రోజు ఫిజియోథెరపిస్టు డేవిడ్ రాజు వచ్చేవాడు. మూడో వారానికి శారదమ్మ చేతికర్రతో బాత్రూమ్ దాకా నడవగలిగింది. మాట కూడా కొంత స్పష్టమైంది. కుడిచెయ్యి మాత్రం అతనున్నంతసేపు కాస్త కదిలేది, అతను వెళ్లగానే ఒళ్లో పడి ఉండేది. సొంతంగా ముద్ద నోట్లో పెట్టుకోలేని మనిషిని వదిలి ఆఫీసుకు ఎలా వెళ్లడం? ఆ ఒక్కసారి పొడిగింపు అడుగుదామని కల్పలత నిర్ణయించుకుంది. అదీ సరిపోకపోతే ఏం చేయాలో ఆలోచించలేదు.

ఆ రోజు డేవిడ్ రాజు భోజనాల వేళకు వచ్చాడు. కల్పలత తినిపిస్తోంది. అతను బూట్లు విప్పి ఒక పక్కన కూర్చుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా చూశాడు.

"రోజూ గిట్లనేనా అక్కా?"

"ఇంకెట్ల? ఆమెకు చెయ్యి రాదు కదా."

"నువ్వు లీవ్ పెట్టినవ్. పెద్దమ్మ చెయ్యి సుత లీవ్ పెట్టింది."

శారదమ్మ నవ్వింది. నవ్వు ఒక వైపే వచ్చింది. కల్పలత నవ్వలేదు.

"అంటే నేను చేసింది తప్పా?"

"తప్పు కాదక్కా, జెర ఎక్కువైంది. అన్నీ నువ్వే చేస్తే ఆ చెయ్యికి పనేముంది? చెంచా పిడికి గుడ్డ చుట్టు, పట్టుకోనీకి లావుగ ఉంటది. నిటారుగ కూసోబెట్టు. దగ్గొస్తే ఆపెయ్. మిగతాది ఆమెను చెయ్యనియ్. అన్నం కింద పడితే పడనియ్."

మరునాడు కల్పలత ప్రయత్నించింది. శారదమ్మ చెంచా పట్టుకుంది. చెంచా గిన్నె అంచుకు తగిలి తిరిగిపోయింది. రెండోసారి లేచింది కానీ నోటిదాకా రాకముందే అన్నం ఒళ్లో పడింది. మూడోసారి కల్పలత చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లి చెంచా తీసుకుంది.

"పో," అంది శారదమ్మ. "ఆఫీసుకు."

"నన్ను పొమ్మంటున్నవా అమ్మా?"

శారదమ్మ మాటలు కూడదీసుకోవడానికి కొంతసేపు పట్టింది.

"నువ్వుంటే... నోరు తెరుస్త. అంతే."

కల్పలత గిన్నె పట్టుకుని వంటగదిలోకి వెళ్లింది. కుళాయి కింద పెట్టి చాలాసేపు కడిగింది. సాయంత్రం డాక్టరుకు ఫోను చేసింది. పక్కన ఒక మనిషి ఉంటే పొద్దున పూట వదిలి వెళ్లవచ్చని ఆయన చెప్పాడు. ఆ తర్వాత ఆమె పుష్పమ్మ తలుపు తట్టింది.

"ఏందమ్మా, ముసలామె ముందల పళ్లెం పెట్టి నేను టీవీ చూడాల్నా? పాపం తగలదా?"

"తగలదు అత్తా. చెంచా మాత్రం ముట్టకు. దగ్గు గిట్ల వస్తే ఆపి నాకు ఫోన్ చెయ్."

"నాతోని అయితదో లేదో. నా చెయ్యి సుత ఊకుండదు."

"టీవీ సౌండ్ పెంచుకో."

పొడిగింపు అడగలేదు. పొద్దున పూట ఆఫీసుకు వచ్చే సోమవారం నుంచే వస్తానని మెయిలు పెట్టింది. చూసిన వెంటనే సత్యదేవ్ ఫోను చేశాడు.

"బాగైపోయిందా అమ్మగారికి?"

"లేదు సార్."

"మరి?"

"నేను ఇంట్ల ఉంటే తొందరగ కాదు సార్."

"మా ఆవిడ కూడా ఇదే అంటుందమ్మా, నేను ఇంట్లో ఉంటే ఏ పనీ తెమలదని. సరే, రా. మధ్యాహ్నం షిఫ్టు ఇంకో నెల నీ సీట్లో కూర్చోబెట్టిన కుర్రాడే చూస్తాడు."

సోమవారం పొద్దున మెట్రోలో నిలబడి కల్పలత రెండుసార్లు పుష్పమ్మ నంబరు తీసి, నొక్కకుండా ఫోను బ్యాగులో వేసుకుంది. ఆఫీసులో ఫోన్లు వరసగా వచ్చాయి. యాప్రాల్ నుంచి ఏదీ రాలేదు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి తలుపు తీసే ఉంది. పుష్పమ్మ లేచి నిలబడింది.

"సగం ఆమె తిన్నది, సగం నైటీ తిన్నది. నన్నేమనకు. నువ్వు చెప్పినట్లే కూసున్న."

"దగ్గొచ్చిందా?"

"రాలే. గంట నించి తింటనే ఉంది. ముద్ద పెడదామని లేస్తే గుడ్లు ఉరిమింది. పంతులమ్మ కదా, భయపడ్డ."

శారదమ్మ బల్ల ముందు నిటారుగా కూర్చుని ఉంది. గచ్చు మీద మెతుకులు, గడ్డం మీద పప్పు. పళ్లెంలో ఇంకా కొంచెం అన్నం మిగిలి ఉంది. కూతురు వచ్చిందని చూసింది కానీ చెంచా కింద పెట్టలేదు. చెయ్యి వణుకుతూ లేచి, సగంలో ఆగి, మళ్లీ లేచింది.

కల్పలత భుజాన బ్యాగుతో అక్కడే నిలబడింది. అన్నం చల్లారిపోయి ఉంటుంది. వేడి చేస్తానని కూడా అనలేదు.