వెనక కుట్టులో దాచిన రెండంగుళాలు

పోస్టు కార్డు మీద రాసింది దారిలో అందరూ చదువుతారన్న సంగతి నాకు తట్టలేదు. ముప్పయ్యేళ్లుగా సూదిలో దారం ఎక్కిస్తున్న కళ్లకు ఆ మాత్రం కనబడలేదంటే, నా తెలివికి అదే కొలత.

ములకలపల్లిలో నా కొట్టుకు ఎదురుగా రెడీమేడ్ షాపు తెరిచాక, నా దగ్గర కుట్టించుకునేవాళ్లు ఒక్కొక్కరే రావడం మానేశారు. ఆ షాపాయన పెళ్లి ప్యాంటు కుట్టింది కూడా నేనే. ఒకనాడు వచ్చి, "అన్నా, గీ కొట్టు ఖాళీ చేసి మా వరండాల మిషిన్ ఏస్కో. ప్యాంట్ల కాళ్లు కురచ చేస్కుంట కూసో" అన్నాడు.

"నీ వరండాల కూసుంటే నా కాళ్లే కురచైతయ్ తమ్మీ" అన్నాను.

అన్నాను సరే, గిరాకీ ఏది? కొలతల పుస్తకం తీసి, ఏడాదిగా రానివాళ్లందరికీ కార్డులు రాశాను. "మీ నడుము ముప్పై నాలుగు మా పుస్తకంలో భద్రంగా ఉంది. ఇప్పుడెంతయిందో చూద్దాం, రండి." ఎవరి అంకె వాళ్లకు. చమత్కారమనుకున్నాను.

షాపాయన తన కార్డును గిరాకీల ముందు గట్టిగా చదివి నవ్వించాడట. బడిపంతులు మాత్రం నేరుగా నా మీదికే వచ్చాడు. "నా నడుము ముచ్చట చాయ్ హోటల్ల దాకా పోయింది. ఏందయ్యా గిది?"

బట్టలు కుట్టాల్సినవాణ్ని, మనుషుల్ని కుట్టాను.

కాజాలు తీస్తున్న నా భార్య తలెత్తకుండానే అంది. "పిలిచినవా, ఎక్కిరించినవా? ప్యాంటు లోపల మనం వదిలిన బట్ట ఎవలది? గది రాయి."

ప్యాంటు వెనక కుట్టులో లోపలివైపు మేం కొంత బట్ట ఎక్కువ వదులుతాం. మనిషి లావైతే పాత కుట్టు విప్పి, పక్కకు జరిపి కుడితే సరిపోతుంది. రెడీమేడ్‌లో అంత బట్ట వదలరు. మళ్లీ కార్డులు రాశాను. "మీ ప్యాంటు వెనక కుట్టులో మీ బట్టే కొంత దాచాం. బిగుతైతే తీసుకురండి, వదులు చేసిస్తాం. పైసలొద్దు."

అందరికన్నా ముందు పంతులే వచ్చాడు, మూడు ప్యాంట్లతో. తీసుకుపోయేనాడు కొత్త చొక్కా బట్ట నా బల్ల మీద పెట్టి, "కొలతలు మల్ల తీస్కో. మెల్లగ చదువు" అన్నాడు. ఆయన వెనకే మిగతావాళ్లూ కదిలారు. కొట్టు నేను ఖాళీ చేయలేదు.

ఒక మధ్యాహ్నం రెడీమేడ్ షాపాయన పెరటి తలుపు నుంచి వచ్చాడు. చేతిలో కవరు, కవర్లో పెళ్లి ప్యాంటు.

"మా షాపుల ప్యాంటేస్కుంటే కూసోనిస్తలేదన్నా. గీ పాతది జర వదులు చెయ్యి. ఎవలికీ చెప్పకు."

"నా నోట ఒక్క మాట రాదు" అన్నాను.

రాలేదు కూడా. కుట్టు విప్పి వదులు చేసి, ఇస్త్రీ చేసి, అతని షాపు చిరునామాకు ఒక కార్డు రాశాను. "మీ పెళ్లి ప్యాంటు రెండంగుళాలు వదులు చేశాం. ఈసారి ముందు గుమ్మం నుంచి వచ్చి తీసుకెళ్లగలరు."

పోస్టు డబ్బాలో వేసేముందు కార్డును చెయ్యి చాపి పట్టుకుని చూసుకున్నాను, అక్షరాలు దూరానికి కూడా కనబడుతున్నాయో లేదోనని.