లెక్కలో ఉన్న పెట్టెలు

అందరూ ఆయన్ని పెట్టెలాయన అంటారు. పందొమ్మిదేళ్లుగా అట్టపెట్టెలు చేసి అమ్ముతున్నాడు. రేకుల కప్పు కింద పొడవాటి షెడ్డు, గాలిలో తడి జిగురు వాసన, అట్టను మడతకు గీసే యంత్రం చప్పుడు. ముగ్గురు పనివాళ్లు. మధ్యాహ్నం రేకుల సందుల్లోంచి దిగే ఎండలో అట్ట పొడి మెల్లగా తేలుతూ ఉంటుంది. ఆ పొడి ఆయన కనుబొమల మీద వాలి, యాభై రెండేళ్లకే ముసలివాణ్ని చేసింది.

ఆయన పెట్టెల్లో సగానికి పైగా ఒకే ఒక్క బిస్కెట్ ఫ్యాక్టరీ కొనేది. పోయిన ఏడు అది మూతపడింది. రావలసిన బాకీ రాలేదు. పైగా నవ్వుతున్న పాప బొమ్మ అచ్చయిన పెట్టెలు నలభై వేలు షెడ్డులోనే మిగిలిపోయాయి.

యంత్రం మీద బ్యాంకు అప్పు ఇంకా పన్నెండు లక్షలుంది. నెలకు నలభై ఆరు వేల అయిదు వందల చొప్పున ముప్పై నెలలు కట్టాలి. మూడు వాయిదాలు తప్పాయి. మొదటిది తప్పి డెబ్భై ఒక్క రోజులు. తొంభై దాటితే ఖాతా మొండి బాకీల్లోకి పోతుంది. ఆ తర్వాత బ్యాంకు చూసేది ఆయన అక్క ఇంటి వైపే. హామీగా పెట్టింది ఆ ఇంటి కాగితాలనే.

అక్కకు అరవై ఒకటి. ఆస్పత్రి బట్టల గదిలో ముప్పై ఏళ్లు పనిచేసి, ఆ జీతంతో కట్టుకున్న రెండు గదుల ఇల్లు అది. వాయిదాలు పెంచమని బ్యాంకుకు రాసే ఉత్తరంతో పాటు హామీదారు సమ్మతి కూడా ఉండాలి. అందుకే ఆయన ఫైలు పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాడు.

"చదువు," అంది అక్క, కళ్లజోడు తుడుచుకుంటూ.

"సంతకం పెట్టేది చివరి పేజీలోనే అక్కా."

"నా ఇల్లు చివరి పేజీలో లేదుగా. మొదట్నుంచీ చదువు."

ఆయన చదివాడు. "మా ముఖ్య కొనుగోలుదారు వ్యాపారం మూసివేసినందువల్ల అమ్మకాలు సగానికి పడిపోయాయి. ఆరు నెలల పాటు వడ్డీ మాత్రమే చెల్లించడానికి, ఆపై అసలూ వడ్డీ కలిపి నెలకు సుమారు ఇరవై తొమ్మిది వేల చొప్పున యాభై నాలుగు వాయిదాల్లో తీర్చడానికి అనుమతించవలసిందిగా ప్రార్థన. చెప్పుల కంపెనీ నుంచీ బల్బుల కంపెనీ నుంచీ కొత్త ఆర్డర్లు వచ్చాయి. ఖర్చు తగ్గించుకోవడానికి ఇద్దరు పనివాళ్లను తీసివేస్తున్నాను."

కింద జతపరచిన కాగితాలు: ఫ్యాక్టరీ మూసివేత నోటీసు, కొత్త ఆర్డర్ల కాపీలు, రెండేళ్ల ఆడిట్ లెక్కలు, రాబోయే రాబడి అంచనా, ఈ నెల స్టాక్ స్టేట్‌మెంటు.

అక్క వేలు చివరి కాగితం మీద ఆగింది. "సరుకు తొమ్మిది లక్షలా? షెడ్డులో అంత ఎక్కడుందిరా?"

"బిస్కెట్ పెట్టెలతో కలిపి."

"ఆ పాప బొమ్మవా? ఎవరు కొంటారు వాటిని?"

యంత్రం అప్పు కాక, సరుకు చూపించి వాడుకునే అప్పు ఇంకొకటి ఉంది. సరుకు విలువలో నాలుగో వంతు తీసేసి, మిగతా మేరకే బ్యాంకు డబ్బు వాడుకోనిస్తుంది. అందుకని నెలనెలా సరుకు లెక్క రాసివ్వాలి. ఆయన చేసేదల్లా పాత కాగితం చూసి కొత్త కాగితం రాసి, తేదీ మార్చడమే. ఈ వ్యాపారంలో చాలామంది అంతే. పెట్టెకు పన్నెండు రూపాయల చొప్పున, నలభై వేల పెట్టెలు పదకొండు నెలలుగా కాగితం మీద బతికే ఉన్నాయి.

"చిరిగిన దుప్పటిని మంచి దుప్పట్లలో కలిపి రాస్తే మా మేట్రన్ రిజిస్టర్ మొహాన కొట్టేది," అంది అక్క. "చిరిగినవాటికి వేరే పుస్తకం. అది సిగ్గుపడాల్సిన పుస్తకం కాదు."

"ఇప్పుడు తీసేస్తే నేను వాడిన ఆరున్నర లక్షలకు సరుకు చాలదు. తేడా వెంటనే కట్టమంటారు."

"కలిపి రాస్తే?"

"చూడ్డానికి బ్యాంకు మనిషి వస్తాడు."

"వస్తే ఏం చూస్తాడు? నవ్వుతున్న పిల్లని." అక్క పెన్ను మూత పెట్టేసింది. "నిజం రాసుకుని రా. అప్పుడు పెడతాను."

"అక్కా, నిజం రాస్తే వాయిదాలు పెంచడానికే కాదనొచ్చు."

"కాదంటే ఇల్లు పోతుంది. అబద్ధం రాసినా పోతుంది, కొన్నాళ్లాగి. అబద్ధంతో పోయేటప్పుడు నీ మొహం చూడాలని లేదు నాకు."

ఆయన మళ్లీ రాశాడు. అమ్ముడయ్యే సరుకు నాలుగు లక్షల ఇరవై వేలు. తుక్కు కింద అమ్ముకోవలసిన పెట్టెలు విడిగా. ఉత్తరంలో ఒక పేరా చేర్చాడు: "గత పదకొండు నెలల సరుకు పట్టికల్లో ఈ పెట్టెలను పూర్తి ధరకు చూపాను. అది నా తప్పు." ఆ రెండో వాక్యం రాయడానికి ఒక పూట పట్టింది. అక్క సంతకం పెట్టింది.

బ్యాంకులో మేనేజరమ్మ ఉత్తరం రెండుసార్లు చదివింది. అద్దాల గది బయట టోకెన్ నంబర్లు మారుతున్నాయి.

"ఇది మీరు రాయకుండా మా తనిఖీలో బయటపడి ఉంటే ఈ దరఖాస్తు చించేసేవాళ్లం."

"రాసినందుకు, మేడమ్?"

"రాసినందుకు పైకి పంపుతాను. అంతే. పైవాళ్లు ఏమంటారో నాకు తెలీదు. మీ తేడా లెక్క వేశారా?"

"మూడు లక్షల ముప్పై అయిదు వేలు."

"నాదీ అంతే వచ్చింది." ఆమె కాపీ మీద ముద్ర వేసి, తేదీ రాసి ఇచ్చింది. "దరఖాస్తు ఇచ్చినంత మాత్రాన రోజులు ఆగవండీ. తొంభై లోపల పాత వాయిదాలు కొన్నైనా కట్టండి."

సరుకు మోసే చిన్న బండి మీద ఏ అప్పూ లేదు. దాన్ని లక్షా పది వేలకు అమ్మి రెండు వాయిదాలు కట్టాడు. ఆ రోజు నుంచి పెట్టెలు తొక్కుడు రిక్షాలో వెళ్లాయి. వానొస్తే వెళ్లలేదు.

అయిదు వారాలకు జవాబు వచ్చింది. యంత్రం అప్పు ఆయన అడిగినట్టే సాగదీశారు. సరుకు తేడాను విడి అప్పుగా మార్చి, నెలకు ఎనిమిది వేల చొప్పున అదే యాభై నాలుగు నెలలకు వేశారు. నెలనెలా మనిషి వచ్చి సరుకు ఎంచుతాడు. ఇంకొక్క తప్పు పట్టిక ఇస్తే మొత్తం అప్పు ఒకేసారి కట్టాలి. అంచనా ప్రకారం నెలకు మిగిలేది నలభై ఆరు వేలు. వాయిదాలు పోను ఇంటికి తొమ్మిది వేలు.

బ్యాంకులో కొత్త కాగితాల మీద సంతకాలు పెడుతూ అక్క అడిగింది. "నా ఇంటి కాగితాలు ఎప్పుడిస్తారమ్మా?"

"అన్నీ సక్రమంగా కడితే అయిదేళ్లకండీ."

"అరవై ఆరు," అంది అక్క, ఎవరితోనూ కాదు.

ఆయన అక్కణ్నుంచి నేరుగా షెడ్డుకు వెళ్లాడు. యంత్రం ఆపించి, ఒకడిని పనిలో ఉంచి, మిగతా ఇద్దరికీ లెక్క చూసి డబ్బిచ్చాడు. రెండోవాడు పద్నాలుగేళ్లుగా పెట్టెలకు పిన్నులు కొడుతున్న మనిషి. బొటనవేలి గోరు మీద పాత దెబ్బ మచ్చ. డబ్బు ఎంచలేదు, జేబులో పెట్టుకున్నాడు.

"ఉత్తరంలో నా పేరు రాశారా, అన్నా?"

"పేర్లు రాయలేదు. ఇద్దరు అని రాశా."

"ఎప్పుడు రాశారు?"

"నెలన్నర అయింది."

"నెలన్నర నుంచీ రోజూ టీ తాగాం కదా కలిసి," అన్నాడు. చొక్కా మీది అట్ట పొడి దులుపుకుని, చెప్పులు వెతుక్కుని, బయటి ఎండలోకి నడిచాడు.