మూడూ కలిసి మారినప్పుడు

కర్ణాటకలోని పావగడ సోలార్ పార్కులో ఇన్వర్టర్ పెట్టె తలుపు తాళం తీసేది ప్రోగ్రామ్. ఆ ప్రోగ్రామ్‌ను పరీక్షించడం నా ఉద్యోగం. బ్రేకర్ తెరుచుకోవాలి, కెపాసిటర్లలో మిగిలిన కరెంటు ఖాళీ కావాలి, ఎర్తింగ్ పడాలి. ఈ మూడూ జరిగితేనే తాళం ఊడాలి. కోడ్ రాసినవాళ్ళు చివరి రెంటిలో ఏ ఒక్కటి జరిగినా చాలన్నట్టు రాశారు.

మా జట్టుకు ఆ తప్పు కనపడలేదు. పొద్దుగూకాక అన్నీ ఆపి తాళం తీసేవాళ్ళు, ఊడేది. మధ్యాహ్నం అన్నీ నడుస్తుండగా లాగేవాళ్ళు, ఊడేది కాదు. కోడ్‌లో ‘అవును’ దారీ ‘కాదు’ దారీ రెండూ నడిచాయి కాబట్టి బ్రాంచ్ కవరేజీ నూరు శాతం. కానీ మూడు షరతులూ ఎప్పుడూ కలిసే మారాయి. ఏది దేన్ని ఆపుతోందో ఎవరూ చూడలేదు.

నేను అడిగింది మాడిఫైడ్ కండిషన్ డెసిషన్ కవరేజీ. మిగతావి కదపకుండా ఒక్కో షరతునే మార్చి, దానివల్లే ఫలితం మారుతోందని చూపడం. మూడు షరతులకు నాలుగు పరీక్షలు చాలు. బెంగళూరు ల్యాబులో చేశాను. బ్రేకర్ తెరిచి, ఎర్తింగ్ వేసి, కెపాసిటర్లు నిండుగా ఉన్నాయని సంకేతమిచ్చాను. తాళం ఊడిపోయింది.

మేనేజరుకు చూపించాను. “నూరు వచ్చిందయ్యా. నీకు నూటొకటి కావాలా?” అని నవ్వాడు.

“మనిషి చెయ్యి పెట్టే చోటు సార్ అది.”

“కాంట్రాక్టులో అడిగింది బ్రాంచే. కోడ్ ముట్టుకుంటే మళ్ళీ అన్ని పరీక్షలూ మొదటి నుంచీ చెయ్యమంటారు. బోర్డు పెట్టించేద్దాం.”

తాయెత్తు కట్టుకుంటే తేలు కుట్టదనేవాళ్ళతో నా చిన్నప్పటి నుంచీ వాదించాను. ఆ అంకె ముందు మాత్రం నా వాదం నిలవలేదు. కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఐదు నిమిషాలు ఆగి తలుపు తెరవాలని కన్నడంలో బోర్డు పెట్టారు.

ఆ తలుపులు రోజూ తెరిచే టెక్నీషియన్‌ది పక్కనున్న రాయచెర్లు అనే ఊరు. వాళ్ళ కుటుంబం గొర్రెలు మేపిన నేల ఇప్పుడు ప్యానెళ్ళ కింద ఉంది. ఒకరోజు కెపాసిటర్లను ఖాళీ చేసే రెసిస్టర్ కాలిపోయి ఉంది, ఐదు నిమిషాలు ఆగినా కరెంటు దిగదు. బ్రేకర్ తీశాడు, ఎర్తింగ్ వేశాడు, తాళం ఊడింది. కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయింది.

పావగడ ఆసుపత్రిలో చూశాను. వేళ్ళు మిగలవని డాక్టరు చెప్పేశాడట.

“ఆగినావా అప్పా?” అని అడిగాను.

“ఆగినా సార్. బోర్డులో ఉండేదానికన్నా ఎక్కువే ఆగినా. తాళమే ఊడిపోయిండాది కదా, ఇంక భయమేంది అనుకుంటి.” కాసేపు కట్టు కేసి చూసుకున్నాడు. “నేను ఆగలేదని కంపెనీవాళ్ళు రాసినారంట కదా సార్. మీరన్నా చెప్పండప్పా.”

చెప్పాను. నాలుగు పరీక్షల ఫలితాలూ విచారణ చేసేవాళ్ళకు పంపాను. విచారణ నివేదికలో నా కాగితాలు లేవు. కార్మికుడి నిర్లక్ష్యం అన్నారు. ఆ కిందే సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదని, బ్రాంచ్ కవరేజీ నూరు శాతమని ఉంది.

అదే కోడ్ ఇప్పటికీ పార్కులోని మిగతా తలుపుల్లో నడుస్తోంది.